గుణుపురం షాపు కొంటున్న మా మేనకోడలికి

పర్లాకిమిడి నుంచి

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గుణుపురంలో ఆ మోటార్లు, పైపుల షాపు నువ్వు కొంటున్నావనీ, వచ్చే నెల ఒకటో తారీఖున తాళాలు నీ చేతికి వస్తాయనీ చెప్పింది. మీ అత్తయ్య విన్న వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టింది. నాకు మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు నా గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని అర్ధరూపాయలూ రూపాయలూ వేరు చేసి పెట్టేదానివి. ఆ పిల్ల ఇవాళ సొంతంగా షాపు నడపబోతోందంటే నాకెంత గర్వంగా ఉందో రాయలేను. కానీ మీ అమ్మ మాటల మధ్యలో ఒకటి అంది: "బాకీలతో సహా కొంటోంది అన్నయ్యా." అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందుకే తెల్లారగానే కాగితం తీసుకున్నాను.

సరుకు లెక్క నువ్వే దగ్గరుండి చూసుకో. షాపు అద్దె కాగితం నీ పేరు మీదకి మార్పించుకో. జీఎస్టీ నంబరు, సరుకు మీద ఉన్న పన్ను క్రెడిట్ నీకు బదిలీ కావడం, ఇవన్నీ ఆడిటర్ చూస్తాడు. ఆయన అడిగిన కాగితాలు ఆలస్యం చేయకుండా ఇవ్వు. వీటి గురించి ఇంతకంటే రాయను, అవి నీకు తెలుసు. నేను చెప్పదలుచుకున్నదల్లా ఒకటే. షాపు చేతులు మారిందన్న సంగతి నీకు సరుకు పంపేవాళ్లకీ, నీ దగ్గర కొనేవాళ్లకీ ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి. ఇందులో నేను చేసిన తప్పు నీకెప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

1996లో దీపావళి అయ్యాక నేను ఇక్కడి షాపు కొన్నాను. నీలాగే, షాపుకి రావాల్సిన బాకీలతో సహా కొన్నాను. పాత యజమాని ఇచ్చిన జాబితాలో ముప్ఫై ఏడు మంది పేర్లు, మొత్తం 1,42,000 రూపాయలు. వసూలు కష్టం నాది కాబట్టి 1,20,000కి మాట్లాడుకున్నాం. ఆయన శ్రీకాకుళంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. మంచి మనిషి. "అందరికీ నేను చెబుతాలే బాబూ, కనిపించినప్పుడు ఒక్క మాట అంటే సరిపోతుంది" అన్నారు. నేను రెండు వందల కార్డులు అచ్చు వేయించాను. "ఈ షాపు యాజమాన్యం మారినది, మీ ఆదరణ ఎప్పటివలె కొనసాగించ ప్రార్థన" అని పైన, నా పేరు కింద. బాకీ అన్న మాట అందులో లేదు. కొత్తగా వచ్చి మొదటి కార్డులోనే బాకీ అడిగితే బాగుండదని సిగ్గుపడ్డాను. పాతాయన సంతకమూ లేదు. ఆ కార్డులు కూడా అడ్రసు తెలిసిన వాళ్లకే వెళ్లాయి.

సంక్రాంతి అయ్యాక వసూళ్లకు బయలుదేరాను. అప్పట్లో నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న రైలు ఉండేది, నువ్వు చిన్నప్పుడు ఎక్కావు కూడా. కాశీనగర్‌లో దిగి ఒక షాపుకి వెళ్లాను. ఆయన పేరు మీద 11,400 ఉంది, జాబితాలో పెద్ద మొత్తాల్లో అదొకటి. అడిగితే ఆయన ఏమీ మాట్లాడకుండా ఎర్ర అట్ట పుస్తకం తీసి ఒక పేజీ తిప్పి నా ముందు పెట్టారు. డిసెంబరులో పాత యజమాని తన కూతురి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చారు, అప్పుడు ఈయన 11,400 ఆయన చేతికి ఇచ్చారు, కింద పాత యజమాని సంతకం ఉంది. "మీరు కొన్నారని కార్డు వచ్చింది. పాత బాకీ మీకివ్వాలని ఎవరూ చెప్పలేదే" అన్నారు.

షాపులో ముగ్గురు గిరాకీలు ఉన్నారు. వాళ్ల ముందు నేను గొంతు పెంచాను. "డబ్బు నాది, మీరు ఇంకెవరికో ఇస్తే నాకేం సంబంధం? అది కట్టేదాకా సరుకు పంపను" అన్నాను. ఆయన కుర్రాణ్ణి పిలిచి నాకు గ్లాసుతో మంచినీళ్లు ఇప్పించారు. ఇంకేమీ అనలేదు. నేను నీళ్లు తాగకుండా లేచి వచ్చేశాను.

ఆ కోపంతోనే బరంపురం వెళ్లి ఒక లాయరు గారిని కలిశాను. ఆయన ఆస్తి బదలాయింపు చట్టం తీసి రెండు సెక్షన్లు చదివి వినిపించారు. 1882 నాటి చట్టం అది, 130, 131 సెక్షన్లు. బాకీని ఒకరి నుంచి ఒకరు కొనుక్కోవచ్చు, అయితే దానికి రాత ఉండాలి. బాకీ ఉన్న మనిషికి ఆ సంగతి నోటీసుగా చేరేదాకా ఆయన పాత మనిషికి కడితే ఆ కట్టడం చెల్లుతుంది, బాకీ తీరిపోయినట్టే. ఆ నోటీసు కాగితం మీద ఉండాలి, అమ్మినవాడు సంతకం పెట్టాలి, కొన్నవాడి పేరూ అడ్రసూ అందులో ఉండాలి. అమ్మినవాడు సంతకం పెట్టనంటేనే కొన్నవాడి సంతకంతో ఇవ్వొచ్చు. నా కార్డులో అమ్మినవాడి సంతకం లేదు, బాకీ మాటే లేదు. లాయరు గారు పుస్తకం మూసి, "కాశీనగర్ ఆయన కట్టాల్సింది ఏమీ లేదు. మీరు అడగాల్సింది మీకు అమ్మినాయనని" అన్నారు.

శ్రీకాకుళం వెళ్లాను. పాతాయన నిజంగా నొచ్చుకున్నారు. పెళ్లి పనుల్లో ఎవరు ఎంతిచ్చారో, ఏది ఏ లెక్కలోదో చూసుకోలేదన్నారు. అలా ఆయన చేతికి ఇచ్చినవాళ్లు ఇంకో నలుగురు తేలారు. అన్నీ కలిపి 23,000 పైచిలుకు. రెండు విడతలుగా 14,000 తిరిగి ఇచ్చారు, మిగతాది నేను అడగలేకపోయాను.

డబ్బు పోయిన బాధ రెండేళ్లలో మరిచిపోయాను. కాశీనగర్ ఆయన మాత్రం మళ్లీ నా షాపు గడప తొక్కలేదు. ఏడాదికి అరవై వేల సరుకు తీసుకునే మనిషి, ఆ తర్వాత టెక్కలి నుంచి తెప్పించుకున్నారు. ఒకసారి వెళ్లి క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. వెళ్లలేదు. 2009లో ఆయన పోయారని తెలిసి వెళ్లాను. కొడుకు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసి, "మీ సరుకు మంచిదని నాన్న చెప్పేవారండీ" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనం చేయలేకపోయాను. నీకీ పరిస్థితి రాకూడదు తల్లీ.

అందుకని ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెబుతాను.

ముందు, బాకీల జాబితా మొత్తానికి డబ్బు కట్టొద్దు. మీ అమ్మ చెప్పిన లెక్క 6,80,000, నలభై మూడు మంది. ఒకటో తారీఖుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఈలోగా నీకు షాపు అమ్ముతున్న షావుకారు గారితో కలిసి ఆ నలభై మూడు మంది దగ్గరికీ వెళ్లు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక చీటీ రాయించు: "ఫలానా తేదీ నాటికి నేను ఈ షాపుకి ఇవ్వాల్సింది ఇంత" అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కింద సంతకం, తేదీ. సంతకం వచ్చిన బాకీలే కొను. సంతకం పెట్టనివాళ్లు ఉంటారు. "ఒక మోటారు వాపసు ఇచ్చాను, అది తగ్గించలేదు" అంటారు, "పోయినేడు రెండు వేలు ఇచ్చాను, రాసుకోలేదు" అంటారు. అవి అప్పటికప్పుడు షావుకారు గారి ముందే తేలిపోతాయి. ఆయన వెళ్లిపోయాక తేల్చుకోవడానికి నీకు ఏ ఆధారమూ ఉండదు. తేలనివి ఆయన దగ్గరే ఉంచి, ఆయన్నే వసూలు చేసుకోమను.

చీటీకి ఇంకో ఉపయోగం ఉంది. సరుకు ఇచ్చి మూడేళ్లు దాటితే ఆ డబ్బు కోసం కోర్టుకు వెళ్లే వీలు పోతుంది. మూడేళ్లు నిండకముందే బాకీ ఉందని ఒప్పుకుంటూ సంతకం పెడితే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. కాబట్టి జాబితాలో ప్రతి పేరు పక్కనా ఆఖరి బిల్లు తేదీ రాయించుకుని, బాగా పాతబడ్డవాటి దగ్గరికి మొదట వెళ్లు. గడువు దాటిపోయినవాటికి మాత్రం రూపాయి కూడా ఇవ్వకు.

ఆ వెళ్లినప్పుడే ఉత్తరం కూడా చేతికివ్వాలి. అందులో ఇద్దరి సంతకాలూ ఉండాలి, ముఖ్యంగా ఆయనది. నేను ఇలా రాశాను, నీకు నచ్చినట్టు మార్చుకో:

"అయ్యా, ఇన్నేళ్లుగా నేను నడిపిన ఈ షాపును ఫలానా నెల 1వ తేదీ నుంచి ఫలానా ఊరు, ఫలానా వీధిలో ఉంటున్న ఫలానా వారికి అమ్మాను. ఆ తేదీకి ముందు మీరు నాకు ఇవ్వాల్సిన బాకీ ఇంత. ఆ బాకీని కూడా వారికే రాసిచ్చాను. ఇకపై ఆ మొత్తం వారికే చెల్లించి రసీదు తీసుకోవాలి. నాకు గానీ, నా కుటుంబంలో వాళ్లకు గానీ ఇవ్వవద్దు. షాపు ఇదే చోట, ఇవే వేళల్లో ఉంటుంది. మీకు తెలిసిన మెకానిక్కే ఉంటాడు. నా దగ్గర కొన్న మోటార్ల వారంటీకి పాత బిల్లు తీసుకుని ఇక్కడికే రండి. డబ్బు పంపాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు షాపులో మీ చేతికే ఇస్తాం. ఫోనులో గానీ వాట్సాప్‌లో గానీ ఖాతా మారిందని ఎవరు చెప్పినా, షాపుకి ఫోన్ చేసి కనుక్కోకుండా పంపవద్దు."

"నా కుటుంబంలో వాళ్లకు గానీ" అన్న మాట తీసేయకు. ఆయన మంచివారే, నాకు అమ్మినాయన కూడా మంచివారే. ఒక కాపీ వాళ్లకి, ఒక కాపీ మీద వాళ్ల సంతకంతో నీ దగ్గర. తెలుగూ ఒడియా రెండూ ఒకే కాగితం మీద వేయించు. భామిని, కొత్తూరు షాపుల వాళ్లు తెలుగు చదువుతారు, గుడారి, పద్మపూర్ వైపు వాళ్లు ఒడియా. బాకీ అమ్మిన రాత మాత్రం వేరే కాగితం, అది లాయరు చేతే రాయించు. ఈ ఉత్తరం దానికి నోటీసు మాత్రమే.

బ్యాంకు ఖాతా సంగతి ఎందుకు అలా రాశానంటే, షాపు చేతులు మారిందన్న వార్త బజార్లో తిరిగే రోజుల్లోనే మోసగాళ్లకు పని దొరుకుతుంది. "కొత్త ఓనరు గారి అకౌంటు ఇదండీ" అని ఒక మెసేజ్ వస్తే అందరూ నమ్ముతారు, ఎందుకంటే మారుతుందని వాళ్లకి తెలుసు కదా.

ఇక సరుకు పంపేవాళ్లు. వీళ్లకి కొనేవాళ్లకంటే ముందు చెప్పాలి, అదీ నువ్వు ఒక్కదానివే కాదు, షావుకారు గారు ఫోన్‌లో నిన్ను పరిచయం చేయాలి. మోటార్ల కంపెనీ డీలర్‌షిప్ ఆయన పేరు మీద ఉంది. షాపు కొన్నంత మాత్రాన అది నీకు రాదు, కంపెనీ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు మెయిల్‌గా వచ్చాకే "అవే మోటార్లు దొరుకుతాయి" అని కొనేవాళ్లకు చెప్పు. ఆయన కట్టిన డిపాజిట్, ఆయన ఇచ్చిన సెక్యూరిటీ చెక్కులు ఆయన వెనక్కి తీసుకోవాలి, నీవి నువ్వు ఇవ్వాలి.

ఆయన వాళ్లకి ఇవ్వాల్సిన బాకీ ఆయనదే. బాకీ రావాల్సింది అమ్మొచ్చు గానీ, ఇవ్వాల్సింది నీ మీదకి మారాలంటే అప్పిచ్చినవాడు ఒప్పుకుని తీరాలి. నువ్వు ఒప్పుకోకు, వాళ్లు అడిగినా సరే. ఇక్కడ ఒక చిక్కు ఉంది, నువ్వు చూసుకోకపోతే తెలియదు. షాపు పేరు మార్చడం లేదంటున్నావు. విశాఖలో హోల్‌సేల్ వాళ్ల కంప్యూటర్‌లో ఆ పేరుతో ఖాతా ఎప్పటి నుంచో ఉంది. అందులో ఆయన ఇవ్వాల్సింది 65,000 ఉందనుకో. నువ్వు 80,000 సరుకు తెప్పించి 80,000 కట్టావు. అక్కడి గుమాస్తా దాన్ని ఆ పాత ఖాతాలోనే వేస్తాడు, ముందున్న బిల్లు ముందు తీరుతుంది. 65,000 పాతదానికి పోయి, నీ బిల్లుకి 15,000 మాత్రమే జమ. రెండు నెలల తర్వాత ఎండలు ముదిరి మోటార్లకు గిరాకీ వచ్చే వేళ, "మీ బిల్లు 65,000 పెండింగ్ ఉంది" అని లారీ ఆపేస్తారు. అప్పుడు నీ గొంతు పెరుగుతుంది, ఎదుటివాడి గొంతూ పెరుగుతుంది.

దీనికి మందు చిన్నదే. వాళ్లకి రాసే ఉత్తరంలో "ఫలానా తేదీ దాకా ఉన్న బిల్లులు పాత యజమాని చెల్లిస్తారు, ఆ తేదీ నుంచి కొత్త ప్రొప్రైటర్ పేరుతో, కొత్త జీఎస్టీ నంబరుతో వేరే ఖాతా తెరవండి" అని రాయి. ప్రతి చెల్లింపులోనూ బిల్లు నంబరు చెప్పు. మొదటిసారి డబ్బు పంపిన వారానికే ఖాతా స్టేట్‌మెంట్ అడిగి తెప్పించుకుని చూడు. మొదటి లైనులో బాకీ సున్నా ఉంటే సరే. ఏదైనా అంకె కనిపిస్తే ఆ రోజే ఫోన్ చెయ్యి.

జీఎస్టీ నంబరు విషయం కూడా ఇక్కడిదే. ఆ పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం, మనకి 21. తర్వాత పది మనిషి పాన్ నంబరు. మనిషి మారితే నంబరు మారాల్సిందే, షాపు పేరు ఒకటే అయినా సరే. వాళ్లు అలవాటుగా పాత నంబరుతో బిల్లు కొడితే ఆ పన్ను నీ నెలవారీ క్రెడిట్ పట్టిక జీఎస్టీఆర్-2బిలో కనిపించదు, ఆయనదాంట్లో కనిపిస్తుంది. నీకు ఆ క్రెడిట్ రాదు. అందుకని నెలాఖరు వారం ఎవరినీ బిల్లు కొట్టవద్దని చెప్పు. ముప్ఫయ్యో తారీఖు బిల్లుతో బయలుదేరిన లారీ మూడో తారీఖున నీ గుమ్మం ముందు ఆగితే, ఆ సరుకు ఎవరిదని మీ ఇద్దరూ తల పట్టుకుంటారు. వారం రోజులు షాపులో కొన్ని సైజుల పైపులు లేకపోయినా నష్టం లేదు. భామిని, కొత్తూరు షాపుల వాళ్లకి కూడా నీ కొత్త నంబరు ముందే ఇవ్వు, వాళ్లు ఆంధ్రా వాళ్లు, వాళ్ల ఆడిటర్లు అడుగుతారు.

ఇప్పుడు ఫోన్ నంబరు. ఇది నా కాలంలో లేని తలనొప్పి, కానీ మీ బావ షాపులో కళ్లారా చూశాను. గుణుపురం చుట్టుపక్కల ప్రతి రైతు ఫోన్‌లోనూ, ప్రతి బోరు మెకానిక్ ఫోన్‌లోనూ ఆ షాపు నంబరు ఉంటుంది. ఆ సిమ్ షావుకారు గారి సొంత పేరు మీద ఉంది. "ఇకపై ఈ కొత్త నంబరుకి చేయండి" అని ఎన్ని కార్డులు పంచినా, రాత్రి మోటారు కాలిపోయినవాడు కార్డు వెతుక్కోడు, ఫోన్‌లో ఉన్న నంబరే నొక్కుతాడు. అందుకని ఆ నంబరు కూడా అమ్మకంలో భాగమని అగ్రిమెంట్‌లో రాయించు. సిమ్ నీ పేరు మీదకి మార్పించుకో. కానీ దానికంటే ముందు ఆయన బ్యాంకుల్లో, ఆధార్‌లో ఇచ్చిన నంబరు ఇదేనేమో అడుగు. అదే అయితే, ముందు ఆయన అక్కడ తన వేరే నంబరు ఇవ్వాలి. లేకపోతే ఆయన డబ్బు తాలూకు ఓటీపీలు నీ ఫోన్‌కి వస్తాయి. ఏదైనా తేడా వస్తే అనుమానం నీ మీదకి వస్తుంది. ఆ మాట ఊరికే కూడా పడకూడదు.

కౌంటర్ మీద అంటించిన క్యూఆర్ కాగితం ఒకటో తారీఖు పొద్దున్న షట్టర్ ఎత్తగానే నీ చేత్తో పీకెయ్. స్కాన్ చేస్తే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. గోడ మీద ఒకటి, గల్లా పక్కన ఒకటి, గోడౌన్ తలుపు మీద ఒకటి ఉంటాయి. ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు రోజే తిరిగి చూసుకో. మెకానిక్‌లు ఆ క్యూఆర్ ఫోటో తీసుకుని వాట్సాప్‌లో రైతులకి పంపుతుంటారు. వాళ్లని కూర్చోబెట్టి పాతది తీసేయించి, కొత్తది నువ్వే వాళ్ల ఫోన్‌లో పెట్టు. అప్పటికీ మూడు నెలల దాకా కొంత డబ్బు ఆయనకి పోతూనే ఉంటుంది. వారానికోసారి ఇద్దరూ కూర్చుని సరిచూసుకునేలా ముందే మాట్లాడుకో, చివర్లో గుర్తుచేస్తే మాటా మాటా వస్తుంది.

సవర ఊళ్లలో ఈ ఉత్తరాలు పనికిరావు తల్లీ. అక్కడ వాళ్లకి షాపంటే ఆ మెకానిక్కే. వాళ్ల భాషలో మాట్లాడేది ఆయనే, మోటారు దింపేదీ ఎత్తేదీ ఆయనే. కాబట్టి షాపు కొన్నావన్న సంగతి అందరికంటే ముందు ఆయనకి చెప్పు, జీతం ఎంతో, ఎప్పుడిస్తావో ఆ రోజే చెప్పు. ఆయన బయట ఎవరి దగ్గరో విని, "నాకు తెలీదు, నన్ను ఉంచుతారో లేదో" అని ఒక ఊళ్లో అన్నాడంటే, పది ఊళ్లు ఇంకో షాపుకి వెళ్లిపోతాయి.

చివరగా, "అన్నీ ఎప్పటిలాగే" అని ఎక్కడా రాయకు, నోటితో కూడా అనకు. నేను కార్డులో వేయించిన "ఎప్పటివలె" కూడా అలాంటి మాటే. దాన్ని పట్టుకుని ఒకాయన, పాత యజమాని ఆరు నెలల అప్పు ఇచ్చేవారు కాబట్టి నేనూ ఇవ్వాలన్నారు. ఇంకొకాయన మోటారు కాలితే డబ్బు తీసుకోకుండా వైండింగ్ చేయించేవారన్నారు. నిజమే, చేయించేవారు, నాకు చెప్పలేదు. అలాంటి నోటి మాటలన్నీ షావుకారు గారిని అడిగి ఒక నోటు పుస్తకంలో రాసుకో. కంపెనీ వారంటీ కంపెనీదే, బిల్లు తేదీ నుంచి ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉంటుంది, దాన్ని పంపించే పని నువ్వు చెయ్యి. నోటి మాటల్లో ఏవి నిలబెట్టగలవో అవే ఉత్తరంలో రాయి. అప్పు ఇచ్చే గడువు తగ్గించాలనుకుంటే మొదటి పంట డబ్బు చేతికొచ్చేదాకా ఆగు, ఆ తర్వాత ఒక్కొక్కరికీ ముఖాముఖి చెప్పు. షాపు మారిన నెలలోనే అప్పు ఆపితే నీకు వాళ్ల మీద నమ్మకం లేదనుకుంటారు.

వసూళ్లకు ఎవరు వస్తారో, ఏ రోజు వస్తారో ఉత్తరంలోనే రాయి. అది నువ్వే అయితే పగలే వెళ్లు. చీకటి పడ్డాక నగదుతో వంశధార దాటి రావొద్దు. నువ్వు పెద్దదానివయ్యావని నాకు తెలుసు, అయినా ఇది వినాలి.

ఇంత రాసి చూస్తే నిన్ను భయపెట్టానేమో అనిపిస్తోంది. మీ అత్తయ్య పక్కనే కూర్చుని, "పిల్లకి శుభం చెప్పకుండా చట్టాలు రాస్తారేమిటి" అంటోంది. నువ్వు బాగా చేస్తావు చిన్నీ, నాకు ఆ సందేహం లేదు. నా దగ్గర స్టూలు మీద కూర్చున్నప్పుడు కూడా ఒక్క చిల్లర పైసా తేడా రానిచ్చేదానివి కాదు.

వచ్చే ఆదివారం పొద్దున్న రైలుకి నేను గుణుపురం వస్తున్నాను. బాకీల జాబితా రెండు కాపీలు తీయించి ఉంచు. షావుకారు గారిని కూడా రమ్మను, ముగ్గురం కలిసి మొదట కాశీనగర్ వెళ్దాం. అక్కడ నేను చెప్పిన ఆ షాపు ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. నీ జాబితాలో ఆ షాపు పేరు కూడా ఉందని మీ అమ్మ చెప్పింది. ఆ చీటీ మాత్రం నేనే అడుగుతాను.

మీ మామయ్య